నెయ్యి పెద్దపేగు దాకా నెయ్యిగా వెళ్లదు

"మాది అమలాపురం దగ్గరండి. నాన్నగారికి 64 ఏళ్లు. ఎప్పట్నుంచో ఉన్న మలబద్ధకం ఈ ఆర్నెల్లలో బాగా ఎక్కువైంది. మూడు రోజులకోసారి, అదీ గట్టిగా ఉండలుండలుగా పడుతోంది. రోజూ రాత్రి వేడి పాలలో రెండు పెద్ద చెంచాల నెయ్యి వేసుకుని తాగుతున్నారు. నువ్వుల నూనె మంచిదని మా పెద్దమ్మ, ఆలివ్ నూనె మంచిదని హైదరాబాదులో ఉన్న అన్నయ్య అంటున్నారు. ఏది వాడమంటారు? అసలు కొవ్వు తింటే మలం జారుతుందా? షుగరుకి మెట్‌ఫార్మిన్, బీపీకి ఆమ్లోడిపిన్, మోకాళ్ల నొప్పులకి ఆర్నెల్ల నుంచి కాల్షియం మాత్ర వాడుతున్నారు. పొద్దున ఇడ్లీ, రెండు పూటలా అన్నం, పలచటి పప్పు, పెరుగు. పళ్లు సరిగా లేక కూరలు తినరు."

మలం జారడం ఒక్కటే చూస్తే ఆ మూడింటికీ తేడా లేదండి. మూడూ పెద్దపేగు దాకా నూనెగా చేరవు. బండి ఇరుసుకి కందెన పెడితే అది ఇరుసు మీదే ఉంటుంది కాబట్టి చక్రం తేలిగ్గా తిరుగుతుంది. పేగు అలా కాదు. దానికి కొవ్వు ఆహారం. దొరికిన దాన్ని దొరికినట్టే పీల్చుకుంటుంది.

మీ నాన్నగారు రాత్రి తాగే నెయ్యినే తీసుకుని చూద్దాం. రెండు పెద్ద చెంచాలంటే 30 మిల్లీలీటర్లు, అందులో కొవ్వు సుమారు 27 గ్రాములు. అది కడుపు దాటి చిన్నపేగు మొదటి భాగానికి రాగానే పిత్తాశయం ముడుచుకుని పైత్యరసం వదులుతుంది. పైత్యరసం నెయ్యిని సబ్బునీళ్లలో జిడ్డు విడిపోయినట్టు సన్నటి బిందువులుగా విడగొడుతుంది. క్లోమం నుంచి వచ్చే లైపేజ్ అనే ఎంజైము ఒక్కో కొవ్వు అణువునీ ముక్కలు చేస్తుంది. ఆ ముక్కలు పేగు గోడలోకి ఇంకిపోతాయి. ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో తిన్న కొవ్వులో దాదాపు 95 శాతం ఇలా చిన్నపేగులోనే అయిపోతుంది. మలం గట్టిపడేదీ ఆగిపోయేదీ ఆ తర్వాత వచ్చే పెద్దపేగులో.

లెక్క వేస్తే 27 గ్రాముల్లో పెద్దపేగుకి చేరేది గ్రామున్నర లోపే. అదీ ఇక నెయ్యి రూపంలో ఉండదు. కొంత కాల్షియంతో కలిసి గట్టి సబ్బులాగా మారుతుంది. ఒకసారి వెళ్లే మలం వంద గ్రాములపైన ఉంటుంది, మామూలు మలంలో ముప్పాతిక వంతు నీరే. ఈ గ్రామున్నర అందులో ఎక్కడ కలిసిపోతుందో కూడా తెలియదు. మెత్తగా ఉండే మలానికీ రాయిలా ఉండే మలానికీ తేడా ఆ నీళ్ల పాలులోనే ఉంది. నువ్వుల నూనె, ఆలివ్ నూనెల లెక్కా ఇదే. వాటిలో కొవ్వు ఆమ్లాల రకం వేరు, జీర్ణమయ్యే దారి మాత్రం ఒకటే.

నిజంగా కొవ్వు కిందిదాకా దిగితే ఎలా ఉంటుందో వైద్యంలో బాగా తెలుసు. బరువు తగ్గడానికి ఇచ్చే ఆర్లిస్టాట్ అనే మందు ఆ లైపేజ్‌నే అడ్డుకుంటుంది. దాంతో తిన్న కొవ్వులో మూడో వంతు దాకా జీర్ణం కాకుండా బయటికి వస్తుంది. అది వాడేవాళ్లకి లోదుస్తుల మీద నూనె మరకలు పడతాయి, గ్యాసుతో పాటు నూనె కారుతుంది, ఆపుకోలేని తొందర వస్తుంది. క్లోమం దెబ్బతిన్నవాళ్లలోనూ ఇంతే. మలం లేతరంగులో, కంపు కొడుతూ, నీళ్ల మీద తేలుతూ, బేసిన్‌కి జిడ్డుగా అంటుకుంటుంది. అందుకే ఒక మాట గుర్తుపెట్టుకోండి. నెయ్యి తాగాక నాన్నగారి మలం ఇలా జిడ్డుగా తేలుతూ కనిపిస్తే నెయ్యి పని చేస్తోందని సంతోషించకండి. కొవ్వు అరగడం లేదని అర్థం, డాక్టరు చూడాల్సిన విషయం.

నూనె కందెనలా పని చేసే సందర్భాలు కొన్ని ఉన్నాయి. లిక్విడ్ పారాఫిన్ అలాంటిది. అది పెట్రోలియం నుంచి తీసేది, పేగుకి దాన్ని అరిగించుకోవడం చేతకాదు, కాబట్టి నూనెగానే కిందికి వెళ్లి మలానికి పూతపడుతుంది. పేగు నుంచి కొంచెం కొంచెంగా కారేదీ అదే. ఆముదం సంగతి వేరు. చూడటానికి జిడ్డుగా ఉంటుంది కాబట్టి జారుస్తుందనుకుంటాం గానీ, పేగులో అది విడిపోయినప్పుడు వచ్చే రిసినోలియిక్ ఆమ్లం పేగు కండరాలని రెచ్చగొడుతుంది. మెలితిప్పినట్టు కడుపునొప్పి వచ్చి విరేచనాలయ్యేది అందుకే. ఆముదం పని చేసింది కాబట్టి నువ్వుల నూనె కూడా చేస్తుందని చాలామంది అనుకుంటారు. ఆ రిసినోలియిక్ ఆమ్లం ఆముదంలో 90 శాతం దాకా ఉంటుంది, నువ్వుల నూనెలో ఉండదు.

ఇంకో దారి కిందినుంచి. ఆయుర్వేదంలో అనువాసన వస్తి అని నూనెతో ఇచ్చేది ఇదే. బ్రిటన్‌లో ఆస్పత్రుల్లో వేరుశనగ నూనె ఎనిమా వాడుకలో ఉంది. మలద్వారం నుంచి నూనె పంపితే చిన్నపేగు దారిలో లేదు కాబట్టి అది అరగదు. గట్టిపడ్డ మలాన్ని నానబెట్టి జారనిస్తుంది. అంటే నూనె మలాన్ని జారుస్తుందన్న మన పెద్దల మాట తప్పు కాదు, అది కింది దారికి వర్తిస్తుంది, నోటి దారికి కాదు. అయితే ఇంట్లో వంటనూనె తీసుకుని ఈ ప్రయోగం చేయకండి. చేయాల్సివస్తే నర్సో డాక్టరో చేయాలి.

మరి రాత్రి నెయ్యి పాలు తాగిన ఎంతోమందికి పొద్దున్నే సాఫీగా అవుతుంది కదా అంటారు. అవుతుంది, నేను కాదనను. కాకపోతే పని చేసేది చాలాసార్లు నెయ్యి కాదు, పాలు. దక్షిణాదిలో పెద్దవాళ్లలో చాలామందికి పాలచక్కెర, అంటే లాక్టోజ్, పూర్తిగా అరగదు. అరగని లాక్టోజ్ పెద్దపేగుకి చేరి నీటిని తనవైపు లాక్కుంటుంది, అక్కడి బ్యాక్టీరియా దాన్ని పులియబెడుతుంది. మందుల షాపులో దొరికే లాక్టులోజ్ సిరప్ పని చేసే పద్ధతి కూడా ఇదే. కావాలంటే నాలుగు రోజులు నెయ్యి లేకుండా అవే పాలు, అంతే పరిమాణంలో తాగి చూడమనండి. తేడా లేకపోతే సంగతి తెలిసిపోతుంది. లాక్టోజ్ బాగా అరిగేవాళ్లకి పాలతోనూ ఏమీ కాదు.

నెయ్యికి నిజంగా ఉన్న ఒక ప్రభావం మాత్రం చెప్పాలి. తినగానే పెద్దపేగు కదులుతుంది, దీన్ని గ్యాస్ట్రోకోలిక్ రిఫ్లెక్స్ అంటారు. భోజనంలో కొవ్వు ఉంటే ఈ కదలిక ఎక్కువసేపు ఉంటుంది. కొవ్వు చిన్నపేగుకి తగలగానే వచ్చే హార్మోన్లు, నాడుల సంకేతాలు కింది పేగుని లేపుతాయి. చూడండి, ఇది జారుడు కాదు, పిలుపు. ఆ పిలుపు మలం సిద్ధంగా ఉంటేనే పనికొస్తుంది. మలం రాయిలా ఉంటే పిలిచినా బయటికి రాదు, కడుపులో పీకినట్టు ఉంటుందంతే. అలాగే పెద్దపేగు నిద్రలో మందగించి, మెలకువ వచ్చాకా పొద్దున టిఫిన్ తిన్నాకా చురుకవుతుంది. అంటే ఈ లాభం కోసమైతే నెయ్యికి రాత్రి పడుకోబోయే ముందు సమయం అన్నిటికన్నా పనికిరానిది. పొద్దున వేడి ఇడ్లీ మీదో పెసరట్టు మీదో ఒక టీస్పూను వేసుకోవడం మేలు. 30 మిల్లీలీటర్లు అక్కర్లేదు. ఎక్కువ కొవ్వు కడుపు ఖాళీ కావడాన్ని ఆలస్యం చేస్తుంది, అందుకే నెయ్యి ఎక్కువైతే కడుపు బరువుగా ఉండి వికారం వస్తుంది. పడుకునే ముందు తాగితే ఛాతీలో మంట కూడా తోడవుతుంది.

ఆలివ్ నూనె మీద ఒక పరిశోధన గురించి అన్నయ్యగారు విని ఉండవచ్చు. బ్రెజిల్‌లో డయాలసిస్ చేయించుకుంటున్న 50 మందికి నాలుగు వారాల పాటు కొందరికి ఆలివ్ నూనె, కొందరికి అవిసె నూనె, కొందరికి పారాఫిన్ ఇచ్చి చూశారు. 2015లో అచ్చయింది. ఆలివ్ నూనె తీసుకున్నవాళ్లకి పారాఫిన్ తీసుకున్నవాళ్లంత మార్పు వచ్చింది. దీన్ని పట్టుకుని ఆలివ్ నూనె మలాన్ని జారుస్తుందని చెబుతుంటారు. మొదలుపెట్టిన మోతాదు రోజుకి 4 మిల్లీలీటర్లు, ఒక టీస్పూనుకి కూడా తక్కువ. అంత నూనె చిన్నపేగులోనే ఇంకిపోతుంది. ఏ నూనే ఇవ్వని గుంపు అందులో లేదు, కాబట్టి నాలుగు వారాల్లో మామూలుగా వచ్చే మార్పు ఎంతో, నూనె వల్ల వచ్చింది ఎంతో విడదీయలేం. డయాలసిస్ వాళ్లకి నీళ్లు, పండ్లు, పొటాషియం అన్నీ పరిమితం కాబట్టి వాళ్ల మలబద్ధకం కూడా వేరే రకం. హైదరాబాదు నుంచి సీసా తెప్పించేంత ఆధారం ఇందులో నాకు కనిపించదు.

ఇక మీ నాన్నగారి కథలోకి వస్తే, మీరు రాసిన వాటిలో నాకు మొదట కనిపించింది ఆర్నెల్లు అన్న మాట రెండుసార్లు రావడం. మలబద్ధకం ముదిరిన ఆర్నెల్లూ కాల్షియం మాత్ర మొదలైన ఆర్నెల్లూ ఒకటే. కాల్షియం, అందులోనూ కాల్షియం కార్బొనేట్, మలాన్ని గట్టిపరుస్తుంది. ఆమ్లోడిపిన్ కూడా కొందరిలో పేగుని మందగింపజేస్తుంది, ఎంతకాలంగా వాడుతున్నారో చూడాలి. మెట్‌ఫార్మిన్ మీద నాకు అనుమానం లేదు, అది విరేచనాలవైపే మొగ్గుతుంది. మాత్రలు సొంతంగా ఆపవద్దు. ఈసారి డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు మాత్రల చీటీతో పాటు ఈ ఆర్నెల్ల వివరం చెప్పి, కాల్షియం ఆయనకి నిజంగా అవసరమా, వేరే రూపంలో ఇవ్వవచ్చా అని అడగండి. అరిగిపోయిన మోకాళ్ల నొప్పిని కాల్షియం తగ్గించదు, అది ఎముక పలచబడ్డవాళ్లకి ఇచ్చేది. ఇన్నేళ్ల షుగరు పేగు నాడుల్ని కూడా మందగింపజేస్తుంది, కాబట్టి అదుపు ఎలా ఉందో, థైరాయిడ్ ఎలా ఉందో కూడా ఒకసారి చూపించండి.

రెండో కారణం కంచంలో ఉంది. ఇడ్లీ, పాలిష్ బియ్యం అన్నం, పలచటి పప్పు, పెరుగు. వీటన్నిటిలో కలిపినా పీచు రోజుకి పది గ్రాముల చుట్టూనే వస్తుంది, కావాల్సింది 25 నుంచి 30. వండిన తెల్ల అన్నం వంద గ్రాముల్లో పీచు అర గ్రాము కూడా ఉండదు. నెయ్యిలో పీచు సున్నా, నువ్వుల నూనెలో సున్నా, ఆలివ్ నూనెలో సున్నా. పీచు చేసే పని నీటిని పట్టుకుని ఉంచడం, నూనె దాని బదులు రాలేదు. నువ్వుల్లో పీచుంది, గానుగాడాక అది చెక్కలో మిగులుతుంది. అంటే పెద్దమ్మగారు చెప్పిన నువ్వుల మంచితనం నూనెకన్నా తెలగపిండిలో ఎక్కువ ఉంది. మన వైపు తెలగపిండి, మునగాకు కలిపి వండుకునే కూర ఈ బాధకి నూనె చెంచాకన్నా పనికొస్తుంది. తినడానికి అమ్మే గానుగ చెక్కనే కొనండి. సాల్వెంట్‌తో నూనె తీసేసిన, పశువులకి వేసే చెక్క వద్దు. ముక్కిపోయిన వాసన లేదా చేదు ఉన్న పిండి వాడకండి.

పళ్లు సరిగా లేవన్నారు కాబట్టి నమిలే పని లేని వాటినే ఎంచుకోవాలి. మెత్తగా ఉడికిన కంద బచ్చలి, మెత్తగా దంచిన తోటకూర పప్పు, మగ్గిన బొప్పాయి రోజుకి ఒక కప్పు. జామలో పీచు ఎక్కువే గానీ గింజలు ఆయనకి ఇబ్బంది కావచ్చు, అందుకే బాగా పండింది తీసుకుని గింజలు తీసేయండి. వీటితో అయ్యేది మెల్లగా అవుతుంది. దానికి తోడు ఇసబ్గోల్ పొట్టు వాడమంటాను. చక్కెర కలపనిది కొనండి. మొదటి వారం రాత్రి భోజనం తర్వాత ఒక టీస్పూను, ఒక పెద్ద గ్లాసు నీళ్లలో, అంటే 250 మిల్లీలీటర్లలో, కలిపి వెంటనే తాగాలి, ఉబ్బే దాకా ఆగకూడదు. ఆ వెంటనే ఇంకో గ్లాసు నీళ్లు. రెండో వారం నుంచి రెండు టీస్పూన్లు, అంటే 5 గ్రాముల చుట్టూ. పడుకోబోయే ముందు వద్దు, గొంతులోనే ఉబ్బి అడ్డం పడే ప్రమాదం ఉంది. మింగడం కష్టంగా ఉన్నవాళ్లకి ఇవ్వకూడదు. మిగతా మాత్రలకీ దీనికీ కనీసం రెండు గంటల ఎడం ఉండాలి. మూడు రోజుల్లో మార్పు కనిపించాలి, మొదట్లో గ్యాసు రావడం మామూలే.

ఇక్కడే ఒక పొరపాటు జరుగుతుంది. కింద మలం గట్టిగా అడ్డుపడి ఉన్నప్పుడు పైనుంచి పీచు పోస్తే ఉబ్బరం పెరుగుతుంది. అడ్డుపడిన సంగతి ఎలా తెలుస్తుందంటే, కిందికి వస్తున్నట్టు ఎప్పుడూ బరువుగా ఉండి రాదు, ఒక్కోసారి గట్టి మలం పక్కనుంచి నీళ్లలా కొంచెం కొంచెం కారుతుంది. దాన్ని విరేచనాలనుకుని పెరుగన్నం పెట్టేవాళ్లున్నారు. ఇలా ఉంటే ముందు మలద్వారంలో పెట్టే గ్లిజరిన్ సపాజిటరీతోనో ఆస్పత్రిలో ఎనిమాతోనో అది దిగాలి, తర్వాతే ఇసబ్గోల్.

రెండు వారాలు ఇలా చేసినా ఫలితం లేకపోతే డాక్టరు దగ్గర పాలీఇథిలీన్ గ్లైకాల్ పొడి గురించి అడగండి. 17 గ్రాములు నీళ్లలో కలుపుకుని రోజుకోసారి. అది నీటిని మలంలో పట్టి ఉంచుతుంది, పేగు దాన్ని పీల్చుకోదు, షుగరున్నవాళ్లకీ ఇవ్వవచ్చు.

పొద్దున టిఫిన్ తిన్న పావుగంట తర్వాత, వచ్చినా రాకపోయినా, పది నిమిషాలు కూర్చోమనండి. మోకాళ్ల వల్ల కమోడే వాడుతుంటే పాదాల కింద ఒక జానెడు ఎత్తు పీట వేయండి. మోకాళ్లు నడుముకన్నా పైకి వస్తే మలద్వారం దగ్గర వంపు తిన్నగా అవుతుంది. పాత పద్ధతిలో గొంతుక్కూర్చున్నప్పుడు దానంతటదే జరిగే పని ఇది. ముక్కడం వద్దు, శ్వాస ఆపకుండా కడుపు బయటికి ఉబ్బించాలి.

నెయ్యి పూర్తిగా మానమని నేను చెప్పను. రాత్రి పాలలో వేసుకునే రెండు పెద్ద చెంచాలంటే 240 క్యాలరీలు. నెలకి 7200, వాటికి తగ్గ కదలిక లేకపోతే కిలోకి దగ్గరగా బరువు పెరిగే లెక్క. అందులో సంతృప్త కొవ్వు 16, 17 గ్రాములు. షుగరు, బీపీ ఉన్న మనిషికి రోజంతటికీ ఉండాల్సిన హద్దు దాదాపు ఆ ఒక్క గ్లాసులోనే అయిపోతుంది. భోజనంలో ఒక టీస్పూను చాలు. వంటకి నువ్వుల నూనె వాడితే మంచిదే, కొవ్వు రకం బట్టి గుండెకి నెయ్యికన్నా మేలు. మలం కోసం మాత్రం కాదు.

నూనెలు ఎవరికి ఇవ్వకూడదో కూడా చెప్పాలి. పిత్తాశయంలో రాళ్లున్నవాళ్లు ఒక్కసారిగా నూనె తాగితే పిత్తాశయం గట్టిగా ముడుచుకుని కుడిపక్క డొక్కలో భరించలేని నొప్పి రావచ్చు. మలబద్ధకమని పసిపిల్లల నోట్లో ఆముదమో నెయ్యో పోసే అలవాటు ఇంకా ఉంది, దయచేసి అలా చేయకండి. ఏడుస్తున్న పాపాయికి ముక్కు మూసి పోస్తే ఆ నూనె ఊపిరితిత్తుల్లోకి దిగుతుంది, అక్కడ అది అరగదు, కడగబడదు, న్యుమోనియా వస్తుంది. తల్లిపాలు మాత్రమే తాగే బిడ్డ నెల దాటాక కొన్ని రోజులు వెళ్లకపోయినా, వెళ్లినప్పుడు మెత్తగా ఉంటే అది మలబద్ధకం కాదు. మంచాన పడ్డ పెద్దవాళ్లకీ, మింగేటప్పుడు దగ్గు వచ్చేవాళ్లకీ లిక్విడ్ పారాఫిన్ ఇవ్వకూడదన్నది ఇదే కారణంతో.

నాన్నగారి విషయంలో ఈ ఆర్నెల్ల మార్పు 60 దాటాక వచ్చింది కాబట్టి కాల్షియం మాత్రే కారణమని నేను తేల్చేయలేను. మలంలో రక్తం, నల్లటి మలం, బరువు తగ్గడం, రక్తహీనత, మలం సన్నగా రావడం, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా, ఇంట్లో ఎవరికైనా పెద్దపేగు క్యాన్సర్ వచ్చి ఉన్నా, ఇసబ్గోల్‌తో రెండు వారాలు ఆగకుండా, కెమెరా గొట్టంతో పెద్దపేగు లోపల చూసే కొలనోస్కోపీ అవసరమా అని గ్యాస్ట్రో డాక్టరుని అడగండి. వాంతులతో పాటు గ్యాసు కూడా కిందికి పోకుండా కడుపు ఉబ్బితే అదే రోజు ఆస్పత్రికి తీసుకెళ్లండి, ఆ స్థితిలో నెయ్యి, పీచు, విరేచనాల మందు ఏదీ నోట్లో వేయకండి.